అక్క డాలస్‌లో, తమ్ముడు కరీంనగర్‌లో: రాఖీ పౌర్ణమికి క్యాప్షన్ ఎలా రాయాలి

రాఖీ కట్టడానికి వెళ్లలేని అక్క రాసే క్యాప్షన్‌లో దూరం గురించి చెప్పాల్సింది పెద్దగా ఉండదు. ఆమె ఎక్కడుందో, తమ్ముడు ఎక్కడున్నాడో చదివేవాళ్లందరికీ ముందే తెలుసు. వాళ్లకు తెలియనిది వేరే ఉంది: ఈసారి ఆ రాఖీ ఎవరు కడుతున్నారు, ఆమె చేయాల్సిన పనులు ఎవరి చేతుల్లోకి వెళ్లాయి. క్యాప్షన్ ఆ అప్పగింతను చెబితే చాలు. దూరం దానంతటదే అర్థమవుతుంది.

ఇక్కడ ఒకే సందర్భం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. అక్క డాలస్‌లో ఉంది, తమ్ముడు కరీంనగర్‌లో ఉన్నాడు. రాఖీ పోస్టులో పంపింది. కట్టేది పిన్ని కూతురు చిన్ని. అక్క వీడియో కాల్‌లో చూసి, ఆ తర్వాత ఫొటో పెట్టి దాని కింద నాలుగు మాటలు రాయాలి. మీ ఇంట్లో పేర్లు, ఊళ్లు మారతాయి కానీ పని ఇదే.

మొదటి మెట్టు: ఇంటికి ఫోన్ చేసి వివరాలు తెలుసుకోండి

పండగకు వారం ముందు అమ్మకో, ఇంట్లో ఆ పని చూసుకునే మనిషికో ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. మీ రాఖీ చేరిందా? మీ బదులు ఎవరు కడుతున్నారు? పళ్లెంలో ఏ స్వీటు పెడుతున్నారు? ఎన్ని గంటలకు కడతారు? ఈ నాలుగింటి జవాబులే క్యాప్షన్‌కు ముడిసరుకు.

ఎవరు కడుతున్నారన్నది అన్నిటికన్నా ముఖ్యం. పిన్ని కూతురో, పెద్దనాన్న కూతురో కట్టొచ్చు. కొన్ని ఇళ్లలో అమ్మే కడుతుంది, ఇంకొన్ని ఇళ్లలో తమ్ముడి చిన్నబిడ్డ మేనత్త పంపిన రాఖీని నాన్న చేతికి కడుతుంది. ఆ మనిషిని క్యాప్షన్‌లో తప్పకుండా చెప్పండి. మీ స్థానంలో కూర్చుని బొట్టు పెట్టి, అక్షింతలు వేసి, హారతి ఇచ్చిన మనిషి పేరు లేకుండా మీరూ తమ్ముడూ మాత్రమే కనిపిస్తే, చదివిన ఆ అమ్మాయి ఏమీ అనకపోయినా ఆమెకు లోటుగానే ఉంటుంది.

రాఖీ ఎలా పంపారన్నది కూడా మాటల్ని మారుస్తుంది. దుకాణంలో మీరు ఏరి, కవర్లో పెట్టి, పోస్టులో వేసి ఉంటే "నేను ఏరిన రాఖీ" అనండి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇండియాలోని దుకాణం నుంచే నేరుగా ఇంటికి చేరి ఉంటే, దాన్ని మీరు ముట్టుకోలేదు. అప్పుడు "నా చేతులతో పంపిన రాఖీ" అనే మాట నప్పదు. "నేను ఫోన్లో చూసి ఎంచిన రాఖీ" అంటే నిజంగా ఉంటుంది, చదవడానికీ బాగుంటుంది.

రెండో మెట్టు: వాడి అలవాటు ఒకటి పట్టుకోండి

కాగితం మీద రాఖీ రోజున మీ తమ్ముడు చేసే పనులు ఐదారు రాసుకోండి. వాడి గుణాలు రాయకండి. "మంచివాడు, నాకు అండ" అనేది గుణం, అది ఏ తమ్ముడికైనా సరిపోతుంది. పనులే రాయండి. కట్టేటప్పుడు చేయి ఎలా పెడతాడు? స్వీటు ముందు అడుగుతాడా, తర్వాతనా? రాఖీ ఎన్నాళ్లు ఉంచుకుంటాడు, సాయంత్రానికే విప్పేస్తాడా, దారం పోగులు ఊడిపోయేదాకా ఉంచుతాడా? గడియారం కుడిచేతికి పెట్టుకుని ప్రతిసారీ దాన్ని తీయమని చెప్పించుకుంటాడా? పళ్లెంలో డబ్బులు వేసి మళ్లీ చిల్లర అడుగుతాడా?

వాటిలోంచి ఒక్కటి ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడండి. అది కంటికి కనిపించేదై ఉండాలి, అంటే చేయి, నోరు, ముడి, పళ్లెం లాంటిది. వాడు చదవగానే "అవును, నేనే" అనుకోవాలి. వాడి ఆఫీసువాళ్లు, అత్తగారింటివాళ్లు చూసినా వాడు చిన్నబోకూడదు. చిన్నప్పుడు పక్క తడిపిన సంగతి నిజమే కావచ్చు, కానీ పెళ్లీడుకొచ్చిన తమ్ముడి పేరు ట్యాగ్ చేసి రాసే సంగతి కాదు.

మన సందర్భంలో అక్క ఎంచుకున్నది ఇది: కోవా నోట్లో పెడితే గాని వాడు చేయి చాపడు.

మూడో మెట్టు: పిలుపు తేల్చుకోండి

ఇంట్లో ఎలా పిలుస్తారో క్యాప్షన్‌లోనూ అలాగే పిలవండి. కరీంనగర్ ఇంట్లో "తమ్మీ" అనేవాళ్లు క్యాప్షన్‌లో "ప్రియమైన సోదరా" అంటే అక్కడే అతుకు తెలిసిపోతుంది. "రేయ్" అని పిలిచే ఇళ్లలో ఆ మాట ప్రేమే, అయినా అందరూ చూసే చోట పెట్టేముందు వాడి హోదా, వాడి పిల్లలు చదువుతారా అన్నది ఒకసారి ఆలోచించండి. వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో ఏ ఇబ్బందీ లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే "తమ్మీ", "తమ్ముడూ", ముద్దుపేరు, ఇందులో ఏదో ఒకటి చాలు.

పిలుపు తెలంగాణ మాటలో ఉంటే క్రియలూ అదే మాటలో ఉండాలి. "తమ్మీ" అని మొదలుపెట్టి "చాపుతున్నావు కదూ" అంటే ఇద్దరు మనుషులు మాట్లాడినట్టుంటుంది. ఒకసారి పైకి చదివి చూసుకోండి. ఫోన్లో వాడితో అనలేని మాట ఏదైనా తగిలితే అది తీసేయాల్సిందే.

నాలుగో మెట్టు: రాయండి, కొట్టేయండి, మళ్లీ రాయండి

చాలామంది చేతి నుంచి మొదట వచ్చేది ఇలా ఉంటుంది:

"దూరం మన బంధాన్ని విడదీయలేదు. ప్రపంచంలోనే బెస్ట్ బ్రదర్‌కి హ్యాపీ రక్షాబంధన్. మిస్ యూ సో మచ్."

దీన్ని పరీక్షించడం తేలిక. మీ స్నేహితురాలు తన అన్న ఫొటో కింద ఇదే పెట్టుకుంటే ఒక్క అక్షరం మార్చాల్సిన పని ఉందా? లేదు. అంటే ఇందులో మీ తమ్ముడు ఇంకా రాలేదు.

ఇది నచ్చక రెండోసారి రాసేటప్పుడు చాలామంది రెండో కొసకు వెళ్తారు:

"నాలుగేళ్లయింది తమ్మీ నీ చేతికి రాఖీ కట్టక. వీసా ఎప్పుడొస్తుందో తెలియదు. నన్ను క్షమించు. ఇక్కడ ఒక్కదాన్నే ఏడుస్తూ కూర్చున్నా."

ఇందులో మనిషి ఉంది, బాధా నిజమే. కానీ పండగ మొత్తం అక్క చుట్టూ తిరిగింది, తమ్ముడి పాత్ర ఓదార్చడం దగ్గర ఆగిపోయింది. కాసేపటికి చిన్నాన్నలు, అత్తమ్మలు అమ్మకు ఫోన్ చేసి "బిడ్డకు వీసా ఏమైంది" అని అడగడం మొదలుపెడతారు. రాఖీ పొద్దున అమ్మ ఆ జవాబులు చెప్పుకుంటూ కూర్చోవాలి. వీసా, ఉద్యోగం, టికెట్ల సంగతి, ఎప్పుడు వస్తారన్న మాట, ఇవన్నీ తమ్ముడికి విడిగా పంపే మెసేజ్‌లో రాసుకోండి. క్షమాపణ కూడా అక్కడే. "వచ్చే ఏడు తప్పకుండా నేనే కడతా" అనే మాట టికెట్ చేతిలో లేనప్పుడు అస్సలు వద్దు. రాలేకపోతే మళ్లీ ఏడాది ఆ పాత పోస్టు మిమ్మల్నే గుచ్చుతుంది.

ఇప్పుడు మొదటి మెట్టులో తెలుసుకున్నవి, రెండో మెట్టులో ఎంచుకున్నది కలిపితే:

"తమ్మీ, ముందుగాల కోవా నోట్ల పెట్టందే చెయ్యి చాపవు గదా.
ఈసారి కోవా అమ్మ పెడ్తది, రాఖీ చిన్ని కడ్తది.
ఎర్ర దారం రాఖీ నేను ఏరిందే. సిల్కు దారం జారుతది, రెండు ముళ్లు వెయ్యమన్న.
చెయ్యి కెమెరా దిక్కు పెట్టు, ముడి నేను చూడాలె."

ఇందులో "మిస్" అన్న మాట లేదు, "దూరం" అన్న మాట లేదు. మొదటి వాక్యంలో వాడి అలవాటు ఉంది. రెండో వాక్యంలో అప్పగింత జరిగింది: కోవా పని అమ్మకు, కట్టే పని చిన్నికి. మూడోది అక్క చేతికి మిగిలిన పనిని చెబుతోంది, ఏరడమూ జాగ్రత్త చెప్పడమూ. చివరి వాక్యం వాడికి ఒక పని ఒప్పజెబుతోంది. అక్కలు తమ్ముళ్లతో మాట్లాడే తీరు అదే కాబట్టి అక్కడ ఆపడం సహజంగా కుదిరింది. "హ్యాపీ రాఖీ" అని పెట్టాలనిపిస్తే పెట్టండి, తప్పేమీ లేదు, కానీ చివర్న పెడితే కెమెరా మాట బలం తగ్గుతుంది. ఫొటో మీద రాసుకోండి.

ముడి దగ్గర ఒక హెచ్చరిక. దారం జారకుండా మూడుసార్లు ముడివేయమని నిజంగానే చెప్పి ఉండొచ్చు. అయినా "మూడు ముళ్లు" అని రాయకండి. తెలుగులో ఆ మాట వినగానే అందరికీ గుర్తొచ్చేది తాళి. రాఖీ క్యాప్షన్‌లో అది పడితే కింద వచ్చే వ్యాఖ్యలన్నీ దాని మీదే ఉంటాయి. "గట్టిగ ముడెయ్యమన్న" అనండి, లేదా పైన లాగా రెండు ముళ్లు అనండి.

అన్నయ్య అయితే ఏం మారుతుంది

పెద్దవాడైతే పళ్లెం దగ్గర వరస తిరగబడుతుంది. తమ్ముడు అక్క కాళ్లకు దండం పెడతాడు, అన్నయ్యకైతే చెల్లెలే దండం పెట్టి అక్షింతలు వేయించుకుంటుంది. కాబట్టి వెళ్లలేని చెల్లెలికి కట్టడంతోపాటు ఆ అక్షింతలూ తప్పిపోయాయి. క్యాప్షన్ ఆ రెండోదాన్ని పట్టుకుంటే కొత్తగా ఉంటుంది. విజయవాడ వైపు ఇంట్లో మాట ఇలా ఉండొచ్చు:

"అన్నయ్యా, రాఖీ అక్క కడుతుంది, నా తరఫున దండం కూడా తనే పెడుతుంది.
అక్షింతలు మాత్రం మొత్తం తన మీదే వేసెయ్యకు.
నా వాటా నాలుగు గింజలు అమ్మ చేతికివ్వు, దాచిపెడుతుంది."

"మీరు" అని పిలిచే ఇళ్లలో "వేసెయ్యకండి", "ఇవ్వండి" అంటే సరిపోతుంది, మిగతాది అలాగే ఉంచవచ్చు. ఇంట్లో వదిన ఉంటే, ఆ పోస్టు ఆమె కూడా చదువుతుందని మరిచిపోవద్దు. "నా అన్నయ్యకు నేను తప్ప ఎవరున్నారు" లాంటి మాట ఆ ఇంట్లో ఎవరికీ మేలు చేయదు.

ఐదో మెట్టు: తెర మీద ఎంత కనిపిస్తుంది

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు 2,200 క్యారెక్టర్ల దాకా చోటుంది, కానీ ఫీడ్‌లో మొదటి సుమారు 125 మాత్రమే కనిపించి, మిగతాది `more` వెనక్కి పోతుంది. తెలుగులో ఈ లెక్క తొందరగా నిండిపోతుంది. గుణింతం గుర్తు, ఒత్తు, సున్నా ఒక్కొక్కటీ విడి క్యారెక్టర్ కింద లెక్కకు వస్తాయి. "రాఖీ" మన కంటికి రెండక్షరాలే, ఫోన్ లెక్కలో నాలుగు. "చిన్ని" కూడా రెండక్షరాలే, లెక్కలో ఆరు. కాబట్టి కనిపించే భాగంలో పట్టేది ఇంచుమించు రెండు చిన్న వాక్యాలు.

పైన రాసిన క్యాప్షన్‌లో మొదటి రెండు వరసలు కలిపి వందలోపే ఉన్నాయి. అంటే ఎవరూ `more` నొక్కకపోయినా వాడి అలవాటు, అప్పగింత రెండూ చదివేస్తారు. ముడి సంగతి, కెమెరా సంగతి నొక్కినవాళ్లకు దొరుకుతాయి. మీ క్యాప్షన్ మొదటి వరసలో "అందరికీ రాఖీ పౌర్ణమి శుభాకాంక్షలు" అని ఉంటే, కనిపించే చోటులో పావు వంతుకు పైగా ఆ మాటకే పోతుంది.

ఫోన్ కీబోర్డు మీద ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకునేవాళ్లకు "చూడాలె", "వెయ్యమన్న" లాంటి మాటల్ని అది పుస్తకాల తెలుగులోకి దిద్దేస్తుంది, కొన్నిసార్లు అర్థమే మారుస్తుంది. పోస్టు చేసేముందు ప్రతి మాటనూ కళ్లతో కాకుండా నోటితో చదవండి. స్టోరీ మీద తెలుగు రాస్తే ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసి, విరిగిపోతే అక్షరాల శైలి మార్చండి.

ఆరో మెట్టు: ఏ రోజు, ఏ గంట

ఇక్కడే విదేశంలో ఉన్నవాళ్లు ఎక్కువగా తడబడతారు. 2026లో మన దగ్గర రాఖీ పౌర్ణమి ఆగస్టు 28, శుక్రవారం. పౌర్ణమి తిథి ఆ ఉదయం సుమారు 9.45 దాకా ఉంటుంది కాబట్టి తిథి చూసుకునే ఇళ్లలో ఆలోపే కట్టేస్తారు. ఆగస్టులో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. కరీంనగర్‌లో శుక్రవారం పొద్దున 7.30 అంటే అక్కడ గురువారం రాత్రి 9. తమ్ముడి చేతికి రాఖీ పడే వేళకు అక్క క్యాలెండర్‌లో ఇంకా 27వ తేదీయే.

అందుకే క్యాప్షన్‌లో "ఇవాళ", "రేపు", "ఈ పొద్దున" లాంటి మాటలు పెట్టవద్దు. చదివేవాళ్లలో సగం మందికి అది తప్పుగా వినిపిస్తుంది. పై క్యాప్షన్‌లో "ఈసారి" అని ఉన్నది అందుకే, ఎక్కడ చదివినా సరిపోతుంది.

ఆ ఏడాది ఇంకో చిక్కు కూడా ఉంది. డాలస్‌లో 27 రాత్రి సుమారు 9.30కి పాక్షిక చంద్రగ్రహణం మొదలవుతుంది. మన దేశంలో అది కనిపించదు కాబట్టి కరీంనగర్‌లో రాఖీకి దానితో పని లేదు. గ్రహణం పట్టింపు ఉన్న అక్కలు మాత్రం వీడియో కాల్, అక్కడ తాము పెట్టుకునే దీపం, తినే స్వీటు 9.30లోపు ముగించుకుంటారు. తమ్ముణ్ని పొద్దున ఏడున్నరకే స్నానం చేసి కూర్చోమని చెప్పడమే దీనికి మార్గం, వాడు లేచే సంగతి మీకు తెలుసు కాబట్టి ఆ మాట రెండు రోజుల ముందే చెప్పి పెట్టండి.

న్యూజెర్సీకి తేడా తొమ్మిదిన్నర గంటలు, కాలిఫోర్నియాకు పన్నెండున్నర, లండన్‌కు నాలుగున్నర. మెల్‌బోర్న్ మాత్రం మనకన్నా నాలుగున్నర గంటలు ముందుంటుంది, అక్కడివాళ్లకు రాఖీ కట్టే వేళకు మధ్యాహ్నం అవుతుంది.

క్యాప్షన్ ముందురోజే రాసి ఫోన్లో దాచుకోండి, కానీ పోస్టు మాత్రం రాఖీ కట్టాకే చేయండి. ముందే పెట్టేస్తే, వాడి చేతికి దారం పడకముందే బంధువులు "కట్టించుకున్నావా" అని అడగడం మొదలవుతుంది. వాట్సాప్ స్టేటస్ 24 గంటలు ఉంటుంది. డాలస్‌లో గురువారం రాత్రి 9.30కి పెడితే కరీంనగర్‌లో శుక్రవారం అంతా కనిపించి, శనివారం పొద్దున 8కి పోతుంది. పండగ రోజంతా నిలుస్తుంది కాబట్టి అదే మంచి వేళ.

ఫొటో

పై క్యాప్షన్‌కు తగిన ఫొటో రాఖీ కట్టిన వాడి కుడిచేయి, దగ్గరగా, ముడి కనిపించేలా. వీడియో కాల్ స్క్రీన్‌షాట్ మసకగా వస్తుంది, పైగా మూలన మీ ముఖం, పైన కాల్ చేసిన పేరు, బ్యాటరీ గుర్తు అన్నీ పడతాయి. కట్టిన వెంటనే కిటికీ వెలుతురులో ఒక ఫొటో తీసి పంపమని చిన్నికి చెప్పండి, తమ్ముడికి చెబితే మధ్యాహ్నానికి వస్తుంది. పాత ఫొటో పెట్టాలనుకుంటే అప్పటి సంగతే రాయాలి, ఈ క్యాప్షన్ దానికి కుదరదు.

పోస్టు కవరు ఫొటో తీసి పెట్టే అలవాటు చాలామందికి ఉంది. దాని మీద తమ్ముడి ఇంటి నంబరు, ఫోన్ నంబరు చదవడానికి వీలుగా ఉంటాయి. కవరు వెనక్కి తిప్పి ఫొటో తీయండి.

రాఖీ చేరకపోతే

విదేశం నుంచి పోస్టులో వేసేవాళ్లు మూడు నాలుగు వారాల ముందు వేసినా ఒక్కోసారి కవరు ఆలస్యమవుతుంది. అప్పుడు దుకాణంలో కొన్నది కట్టించుకుంటారు. రాసిపెట్టుకున్న క్యాప్షన్‌ను అలాగే పెట్టేస్తే "నేను ఏరిందే" అన్న మాట అబద్ధమవుతుంది, ఫొటోలో రాఖీ పసుపు రంగుది ఉంటే అందరికీ తెలిసిపోతుంది కూడా. మూడో వరస ఒక్కటి మారిస్తే చాలు:

"నేను ఏరింది ఇంకా తొవ్వల ఉన్నది. వచ్చినంక ఈ ముడి పక్కకే కట్టించుకో."

కృష్ణాష్టమి దాకా రాఖీ కట్టే వాడుక కొన్ని ఇళ్లలో ఉంది. 2026లో అది సెప్టెంబర్ 4, అంటే కవరుకు ఇంకో వారం గడువు దొరుకుతుంది. అది చేరాక రెండు రాఖీల చేయి ఫొటో తెప్పించుకుని, పాత పోస్టు కిందే వ్యాఖ్యగా "చేరింది" అని రాయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌ను తర్వాత దిద్దుకోవచ్చు కానీ ఈ సందర్భంలో దిద్దకపోవడమే మేలు, ఎందుకంటే కింద బంధువులు పెట్టిన మాటలన్నీ "తొవ్వల ఉన్నది" అన్న మాటకే జవాబులు. వాట్సాప్ స్టేటస్‌లో తప్పు దొర్లితే తీసేసి కొత్తగా పెట్టండి.